సర్‌ని రెండు రోజులు టైమ్ అడగకండి, సరైన తేదీ అడగండి

జబ్బుపడి లేచిన పిల్లలు అసైన్‌మెంట్ గడువు అడిగేటప్పుడు మొహమాటపడి “సర్, ఓ రెండు రోజులు టైమ్ ఇవ్వండి” అంటారు. తక్కువ అడిగితే వెంటనే ఒప్పుకుంటారని ఆశ. ఒప్పుకుంటారు కూడా. మూడో రోజుకి పని తెమలదు. మళ్లీ వెళ్లి అడిగితే అప్పుడు జబ్బు మాటే నమ్మబుద్ధి కాదు. పది రోజులు పట్టేదైతే పదీ ఒకేసారి అడగండి, లెక్క చూపించి అడగండి.

టైఫాయిడ్‌తో మూడు వారాలు మంచాన పడి, 18వ తేదీ సోమవారం కాలేజీకి వచ్చిన బీటెక్ విద్యార్థి సంగతే చూద్దాం. డీబీఎంఎస్ అసైన్‌మెంట్‌లో ఐదు ప్రశ్నలు. జ్వరానికి ముందే రెండు రాశాడు. మిగిలిన మూడూ తను వినని పాఠాల్లోవి, కాబట్టి నోట్స్ చదువుకుని రాయడానికి ఒక్కోదానికి నాలుగు గంటలు, మొత్తం పన్నెండు. ఒంట్లో బాగుంటే రోజుకి మూడు గంటలు కూర్చుని నాలుగు రోజుల్లో లేపేస్తాడు. టైఫాయిడ్ తగ్గినా నీరసం అంత త్వరగా వదలదు. క్లాసులయ్యాక గంటన్నర కూర్చోగలిగితే గొప్ప. అంటే ఎనిమిది రోజులు. ఆదివారం విశ్రాంతికి వదిలేస్తే 26కి పూర్తవుతుంది. మధ్యలో ఒళ్లు మొరాయిస్తే ఆదుకోవడానికి ఇంకో రెండు రోజులు. అడగాల్సిన తేదీ 28.

ఆ తేదీ చెప్పేముందు ఇంటర్నల్ మార్కులు ఎప్పటిలోగా అప్‌లోడ్ చేయాలో తెలుసుకోండి. ఇది చాలామందికి తట్టదు. మార్కులు ఎక్కించి లాక్ చేశాక సర్‌కి ఎంత జాలి ఉన్నా చేతిలో ఏమీ ఉండదు. గడువు 30 అయితే 28న ఇచ్చిన పేపరు దిద్దడానికి వీలుంటుంది. గడువు 25 అయితే 28 అడగడం దండగ. పూర్తయిన నాలుగు ప్రశ్నలే 23న తీసుకుంటారా అని అడగాలి.

మెసేజ్ ఇలా ఉంటే చాలు: “నమస్తే సర్. టైఫాయిడ్ వల్ల మూడు వారాలు రాలేకపోయాను, ఈరోజే వచ్చాను. డీబీఎంఎస్ అసైన్‌మెంట్‌లో రెండు ప్రశ్నలు పూర్తయ్యాయి, జతచేశాను. మిగిలిన మూడూ 28వ తేదీ గురువారం సాయంత్రం నాలుగులోగా ఇస్తాను. మార్కుల అప్‌లోడ్‌కి ఆ తేదీ ఆలస్యమైతే చెప్పండి సర్. మెడికల్ సర్టిఫికెట్ కూడా పెట్టాను.” సెలైన్ ఎక్కించుకుంటున్న ఫొటోలు వద్దు. సర్టిఫికెట్‌లో తేదీలు మీరు రాని రోజులతో సరిపోయాయో లేదో చూసుకోండి. డాక్టరు విశ్రాంతి 10 వరకే రాసి మీరు 18న వస్తే, మధ్య వారం గురించి ప్రశ్న వస్తుంది.

సర్ గడువిచ్చారు కదా అని హాజరు సంగతి మర్చిపోవద్దు. జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీల్లో 75 శాతం హాజరు కావాలి. 65కి తగ్గకపోతేనే అనారోగ్య కారణంగా మినహాయింపు అడగొచ్చు. దానికి అర్జీ వేరు, వెళ్లేది వేరే చోటికి. ఆ సర్టిఫికెట్ నకలు ఇంకోటి తీసి పెట్టుకోండి.