53 గింజల కాఫీ

మా వీధి చివర బంగారం పని చేసే ఆయన దగ్గరికి వెళ్లి, ఆయన చిన్న త్రాసు మీద నా పంట పోశాను. ఎనిమిదిన్నర గ్రాములు తూగింది. "ఏం విత్తులు సార్ ఇవి? ఏమన్న మందుకా?" అని అడిగాడు. కాఫీ అన్నాను. నాలుగేళ్లు పెంచితే వచ్చిన మొదటి పంట అన్నాను. ఆయన ఒకసారి గింజల వంక, ఒకసారి నా మొహం వంక చూసి, తూకానికి డబ్బులు వద్దన్నాడు.

ఈ పిచ్చి 2020లో లాక్‌డౌన్‌లో పట్టుకుంది. హనుమకొండలో ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచక, వేయించని పచ్చి కాఫీ గింజలు పావు కిలో తెప్పించి, అందులోంచి 30 తీసి కుండీలో నాటాను. వేయించినవి నాటితే మొలవవని తెలిసేంత తెలివి నాకుంది. పచ్చివి కూడా మొలవవని తెలిసేంత తెలివి మాత్రం లేదు. కాఫీ గింజకు ప్రాణం తక్కువ. పండు కోసిన రెండు మూడు నెలల్లోపు, పైన గట్టి పొర ఉండగానే, పూర్తిగా ఎండిపోకముందే నాటాలి. అమ్మకానికి వచ్చేవి పొర తీసి, బాగా ఎండబెట్టి, ఎన్నాళ్లో గోదాముల్లో ఉండి వచ్చినవి. వాటిని నాటడమంటే ముడిబియ్యం చల్లి నారు కోసం ఎదురుచూడటమే.

అయినా రెండు నెలలు రోజూ నీళ్లు పోశాను. 40వ రోజున ఒక మొలక వచ్చింది! ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఫోటోలు తీసి బంధువులకు పంపాను. మా బాపు ఆ ఆకు తుంచి, నలిపి వాసన చూసి, "టమాట రా ఇది" అన్నాడు. కుండీలో వేసిన వంటింటి ఎరువు పుణ్యం. ఆ వానాకాలం మాకు కాఫీ గింజల కుండీలోంచి రెండు కిలోల టమాటాలు వచ్చాయి. నా వ్యవసాయ జీవితంలో లెక్క చెప్పుకోదగ్గ దిగుబడి ఇప్పటికీ అదే.

2021 జనవరిలో అరకు వెళ్లినప్పుడు నర్సరీలో మొక్కే కొన్నాను. నల్ల సంచీలో అడుగు పొడవు, నిగనిగలాడే ఆకులు. ఒక్క మొక్కతో కాయలు కాస్తాయా అని అడిగాను. ఇది అరబికా, తన పుప్పొడి తనకే సరిపోతుంది, రోబస్టా అయితే రెండో మొక్క తోడు ఉండాలి అని చెప్పాడు అమ్మే కుర్రాడు. తర్వాత ఏ ఊరని అడిగాడు. వరంగల్ అన్నాను. "అక్కడ ఎండలు ఎలా ఉంటాయండీ?" అన్నాడు. "మంచిగనే ఉంటయి" అన్నాను. వాతావరణం గురించి అడిగాడనుకోలేదు, ఊరి గొప్ప గురించి అడిగాడనుకున్నాను.

అరకు తోటలు 900 మీటర్లకు పైన కొండల మీద, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఉంటాయి. అరబికాకు ఇష్టమైన వేడి 15 నుంచి 24 డిగ్రీలు. మా డాబా మీద మే నెలలో 44. ఆ ఎండాకాలం మొక్కను డాబా మీంచి దించి తూర్పు వరండాలో, ఉదయం ఎండ మాత్రమే తగిలే చోట పెట్టి, ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాను. అయినా వడగాలికి ఆకు అంచులు కాగితంలా కాలిపోసాగాయి. దానికి కావలసింది నీడ ఒక్కటే కాదు, గాలిలో తేమ కూడా. తేమతో కూడిన చల్లగాలి మా ఇంట్లో ఒక్క చోటే వస్తుంది. కూలర్ ముందు.

మధ్యాహ్నం బాపు నిద్రలేచి చూస్తే మంచానికీ కూలర్‌కీ మధ్యలో కాఫీ మొక్క కూర్చుని ఉంది. గాలంతా దానికే తగులుతోంది.

"గిదేందిరా? చెట్టుకేమో కూలరు, నాకేమో ఇసనకర్రనా?"

"రెండు నెలలే బాపూ. జూన్‌ల వానలు పడంగనే తీసేస్త."

"జూన్ దాక నేనుండాలె గద!"

రాజీ కుదిరి, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు చెట్టుకు, రెండు నుంచి బాపుకు అని ఒప్పందం చేసుకున్నాం. బాపు దాన్ని మర్చిపోలేదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

రెండో ఏడు పొదుపు చేయబోయి మొక్కను దాదాపు చంపాను. నీళ్ల ఫిల్టర్ పైపులోంచి వృథాగా పోయే నీళ్లను బకెట్‌లో పట్టి దానికి పోసేవాణ్ణి. నెల తిరిగేసరికి ముదురు ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగాయి, మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. మా బోరు నీళ్లు ముందే ఉప్పు, ఆ ఫిల్టర్ మంచి నీళ్లు మాకిచ్చి, మిగిలిన ఉప్పంతా చిక్కగా చేసి ఆ పైపులోకి వదులుతుంది. అంటే మేము తాగకూడదని వదిలేసినదాన్ని చెట్టుకు తాగించానన్నమాట. మొక్క పైభాగం ఎండ తగిలి కాలితే మచ్చ ఆకు మధ్యలో వస్తుంది, ఉప్పు ఎక్కితే కొసల నుంచి మొదలవుతుంది. ఈ తేడా తెలిసేలోపు పది ఆకులు రాలాయి.

దానికి విరుగుడు పక్కింట్లో దొరికింది. పక్కింటి సారు వాళ్ల ఏసీ పైపులోంచి రోజంతా నీళ్లు కారతాయి. గాలిలోని తేమ చల్లబడి చేరిన నీళ్లు అవి, ఉప్పనేది ఉండదు. రెండు వారాలు ఆ నీళ్లు నిండుగా పోసి మట్టి కడిగాను. ఆ తర్వాత నుంచి రోజూ సాయంత్రం బకెట్ పట్టుకుని గోడ మీంచి, "సార్, ఇయ్యాల ఏసీ ఏస్తలేరా?" అని అడగడం అలవాటైంది. ఆయన కరెంటు బిల్లు గురించి నాకు లేని దిగులు ఆయనకు ఉన్నట్టుంది, ఒక్కోరోజు పలికేవారు కాదు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లాం, అక్కడి నుంచే మా అక్కవాళ్ల ఊళ్లో పెళ్లికి. మొత్తం దాదాపు మూడు వారాలు. మొక్కకు నీళ్లు పోయమని బాపుకు అప్పగించాను. తిరిగొచ్చేసరికి ఆకులు తడి బట్టల్లా వేలాడుతున్నాయి. మట్టి బీటలు వారింది.

"ఒక్కనాడన్న పోసినవా బాపూ?"

"యాదికి లేదు. కూలర్ ఎయ్యి దానికి."

ఏడుపు మింగుకుని రెండు బకెట్లు పోశాను. పది రోజుల తర్వాత ఒక ఉదయం కొమ్మ కొమ్మకూ, ఆకు మొదట్లో, తెల్లగా గుత్తులు గుత్తులుగా పూలు! వరండా అంతా మల్లెల వాసన. మూడేళ్లు క్రమం తప్పకుండా నీళ్లు పోసి నేనే దాన్ని పూయనివ్వలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. కాఫీ మొగ్గ చిన్నగా ఏర్పడి నిద్రపోతుంది. కొన్ని వారాలు దప్పికతో మాడి, ఒక్కసారి వాన పడితేనే లేచి విచ్చుకుంటుంది. తోటల్లో మార్చి, ఏప్రిల్‌లలో పడే వానను పూలవాన అంటారు. మా ఇంట్లో ఆ పని కక్షతో బాపు, భయంతో నేను కలిసి చేశాం.

మర్నాడు లేచేసరికి రెండు కొమ్మలు బోసిగా ఉన్నాయి. పూజగదిలో వేంకటేశ్వరస్వామి పటానికి నా పంట దండగా వేలాడుతోంది.

"మంచిగ వాసనొస్తున్నయని దేవుడికి పెట్టిన. పూలే గద!" అంది మా ఆవిడ.

"పూలు కావు, అవి కాఫీ!"

"దేవునికంటె ఎక్కువనా మీ కాఫీ?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన మగవాడు ఇంతవరకు లేడు.

మిగిలిన పూలు మూడు రోజుల్లో వాడిపోయాయి. పిందెలు ఆవగింజ కంటే కాస్త పెద్దవిగా నెలలపాటు అలాగే ఉండిపోయాయి. ఎండలకు కొన్ని రాలాయి. వానలు పడ్డాక ఊరడం మొదలుపెట్టి, దీపావళి దాటాక పసుపు, డిసెంబర్‌లో ఎరుపు తిరిగాయి. పువ్వు నుంచి పండుకు తొమ్మిది నెలలు. ఒక సాయంత్రం లెక్కపెడితే 74 పండ్లు. ఒక్కో పండులో రెండు గింజలు, 148. వేయించాక 18, 20 గ్రాములు అవుతాయి, రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ. ఆదివారం కోద్దామనుకున్నాను, సెలవు కదా.

పద్మాక్షి గుట్ట వైపు నుంచి వచ్చే కోతులకు సెలవులతో పని లేదు. శనివారం పొద్దున ఎనిమిదింటికి వచ్చాయి. కాఫీ పండు తొక్క కింద పలుచటి గుజ్జు తియ్యగా ఉంటుంది. కోతికి కావలసింది అదే, గింజ అక్కర్లేదు. కుటుంబమంతా వరండా గోడ మీద కూర్చుని, పండు నోట్లో వేసుకోవడం, చప్పరించడం, గింజ తుప్పున ఊయడం. నేను కర్ర పట్టుకొచ్చేసరికి ఒక పిల్లకోతి మాత్రమే మిగిలింది. అదీ కంగారు లేకుండా చివరి గింజ నా వైపు ఊసి వెళ్లింది.

చెట్టు మీద 31 పండ్లు మిగిలాయి. కింద రాలిన గింజలను ఏరబోయాను. చిక్కమగళూరు వైపు తోటల్లో కోతులు ఊసిన గింజలను ఏరి, కడిగి, మామూలు కాఫీ కంటే ఎక్కువ ధరకు అమ్ముతారని చెప్పాను. "అయితే అమ్ముండ్రి. ఇంట్లకు మాత్రం తేకుండ్రి" అని మా ఆవిడ చీపురుతో వరండా ఊడ్చేసింది.

31 పండ్లను నీళ్లలో వేస్తే నాలుగు తేలాయి, అంటే లోపల గింజ లేనట్టే. మిగిలిన 27 వేళ్లతో నొక్కి గింజలు తీశాను. ఒక పండులో రెండుకు బదులు ఒకే గుండ్రటి గింజ ఉంది. మొత్తం 53. వాటి మీది జిగురు పోవడానికి రోజున్నర నీళ్లలో నానబెట్టాను. చేతిలో రుద్దితే జారకుండా గరుకుగా ఇసుకలా తగిలితే జిగురు వదిలినట్టు. పన్నెండు రోజులు ఎండబెట్టాను. పంటి కింద పెడితే గాటు పడకూడదు, అదీ గుర్తు. ఆ పరీక్షలో ఒక గింజ మింగబోయాను. ఆపైన గట్టి పొరను గోళ్లతో ఒలవడానికి గంటన్నర పట్టింది. ఆ ఎనిమిదిన్నర గ్రాములే బంగారం త్రాసు మీద పోసినవి.

మూకుడులో వేస్తే 53 గింజలు కనబడకుండా పోయాయి. పోపు గరిటెలో వేయించాను. చిటపటమని పేలాక రంగు తిరిగింది, ఓ వైపు నల్లగా, ఓ వైపు బిస్కెట్ రంగులో. ఏడు గ్రాములు మిగిలాయి. మిక్సీ బ్లేడుకు అందలేదు, యాలకులు దంచే చిన్న రోట్లో దంచాను. ఫిల్టర్‌లో వేస్తే అడుగున పొడి కనబడలేదు, నీళ్లు పోయగానే కిందికి దిగిపోయాయి. చివరికి గిన్నెలో మరగబెట్టి చాయ్ జాలీతో వడబోశాను. ఇంతకు ముందు వడబోసిన చాయ్ వాసన కొద్దిగా చేరింది.

చిన్న చాయ్ గ్లాసుకు ముప్పావు. ముగ్గురం పంచుకున్నాం. మా ఆవిడ ఒక గుక్క తాగి, "బాగనే ఉంది" అంది, పెళ్లిచూపుల్లో నా గురించి అన్న గొంతుతోనే. బాపు కళ్లు మూసుకుని చాలాసేపు చప్పరించాడు. నేను ఊపిరి బిగబట్టాను.

"మంచిగున్నది. ఇగ చాయ్ పెట్టుండ్రి."

మార్చి మొదటి వారంలో మా ఆవిడ తులసి గద్దె దగ్గర నీళ్లు పోస్తూ నన్ను పిలిచింది. తులసి మొదట్లో, రోజూ తడిసే ఆ మట్టిలో, అగ్గిపుల్లల్లాంటి కాడలు ఏడు నిలబడి ఉన్నాయి. ఒక్కోటి తలమీద తన గింజను టోపీలా పెట్టుకుని ఉంది. చీపురుకు అందకుండా కోతులు అటువైపు ఊసినవి. తాజావి, పొర ఊడనివి, ఎండనివి. నేను 30 గింజలు నాటి టమాటాలు తీస్తే, అవి పండు తింటూ తింటూ నారు పోసి వెళ్లాయి.

బాపు వచ్చి, వంగి, ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. తర్వాత లోపలికి వెళ్లి తన మంచాన్ని కూలర్‌కు ఆనించి వేసుకున్నాడు.