సవరణ: పాత డ్రెస్ గీతలు ఎరేజర్‌తో చెరపొద్దు

డిజిటల్ బొమ్మలో తల అలాగే ఉంచి డ్రెస్ మాత్రమే మార్చాలంటే పాత డ్రెస్ గీతలు ఎరేజర్‌తో చెరపమని ఇంతకుముందు చెప్పాను. అలా చేసిన ఒకరు అడిగారు: "మీరు చెప్పినట్టే కాలర్ చెరిపాను, గడ్డం గీత సన్నబడిపోయింది. ఎందుకు?"

తప్పు నాదే. గీత అంచుల్లో సగం పారదర్శకంగా ఉండే పిక్సెల్స్ ఉంటాయి. మెత్తటి ఎరేజర్ కాస్త తగిలినా ముందు పోయేవి అవే. కాలర్ గడ్డానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడే పడింది.

చెరపకుండా లైన్ ఆర్ట్ లేయర్‌కి మాస్క్ పెట్టి, గట్టి అంచున్న బ్రష్‌తో కాలర్ మీద మాత్రమే నలుపు వేయండి. గడ్డానికి తగిలితే తెలుపు వేయండి, గీత తిరిగొస్తుంది. కొత్త డ్రెస్ వేరే లేయర్‌లో, తల గీతల కింద గీయండి.

చివర్లో అసలు బొమ్మను పైన పెట్టి బ్లెండింగ్ మోడ్ డిఫరెన్స్‌కి మార్చండి. ముఖమంతా నల్లగా కనిపిస్తే ఏమీ మారలేదు. నా పాత బొమ్మలో గడ్డం కింద సన్నటి వెలుగు గీత కనిపించింది, అప్పుడు చూసుకోలేదు!