ట్రయల్ ఆర్డర్ ఉత్తరంలో రాయని పేరా: మిగిలిన సరుకు ఎవరిది?

ఎగ్జిబిషన్ ముగిశాక డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులకు చేరే ఉత్తరాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. మీ స్టాల్ చూశాం, సరుకు నచ్చింది, మాకు ఇన్నేళ్ల అనుభవం ఉంది, మా ఏరియాకు ఏజెన్సీ ఇప్పించండి, మంచి బిజినెస్ చేసి చూపిస్తాం. రాసినవాళ్ల నిజాయితీని శంకించాల్సిన పని లేదు. కానీ చదివేవాడు తేల్చుకోవాల్సిన విషయం ఒక్కటీ అందులో ఉండదు. ఎంత సరుకు పంపాలి, డబ్బు ఎప్పుడు వస్తుంది, అమ్ముడుపోకపోతే ఏం చేస్తారు, ఆ దుకాణాలకు ఇప్పటికే తన సరుకు ఇంకెవరైనా వేస్తున్నారా అన్నవి అతని ప్రశ్నలు. వాటికి జవాబు లేకపోతే అతను ఒక ధరల పట్టిక పంపి ఊరుకుంటాడు.

చిన్న పట్టణపు హోల్‌సేలర్ నగర డిస్ట్రిబ్యూటర్‌కు ట్రయల్ ప్రతిపాదన రాస్తుంటే అందులో అన్నిటికన్నా విలువైన భాగం ట్రయల్ ఎలా ముగుస్తుందో చెప్పే పేరా అని నా అభిప్రాయం. మొదటి ఉత్తరంలోనే విడిపోయే మాట ఎందుకని చాలామంది దాన్ని వదిలేస్తారు. అయితే ముగింపు రాయని ట్రయల్ నిజానికి ట్రయల్ కాదు, షరతులు లేని మామూలు కొనుగోలు. సరుకు అమ్ముడుపోక గోడౌన్‌లో మిగిలితే ఆ భారం మొత్తం హోల్‌సేలర్‌దే అవుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. స్టీలు వాటర్ బాటిళ్లు, లంచ్ బాక్సులు అమ్మే డిస్ట్రిబ్యూటర్ ఎగ్జిబిషన్‌లో 80 రకాలు పెట్టాడు. హోల్‌సేలర్‌కు 20 నచ్చాయి. ఉత్తరంలో మాత్రం ఆరే అడగాలి. రకాలు పెరిగేకొద్దీ ఒక్కో రకం దుకాణాల్లో పలచబడిపోతుంది. నెల తిరిగాక ఏది పోయింది, ఏది ఆగింది అన్నది తెలియదు. స్టాల్‌లో చూసిన శాంపిల్, రోజువారీ సరుకు ఒకటే అని కూడా అనుకోకూడదు. కాబట్టి స్టాల్‌లో చూసిన మోడల్ నంబర్లను రాసి, మొదటి లోడు వాటితో సరిపోవాలని ఒక వాక్యం చేర్చాలి. ఎగ్జిబిషన్ ఆఫర్ ధర పెద్ద ఆర్డర్లకే వర్తించడం మామూలే. ట్రయల్ పరిమాణానికి ధర ఎంతో విడిగా అడగాలి.

ఇక ఏరియా సంగతి. ఉత్తరాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మా పట్టణానికీ చుట్టుపక్కలకూ మాకే ఇవ్వాలని అడిగితే డిస్ట్రిబ్యూటర్ వెంటనే జాగ్రత్త పడతాడు. అక్కడ అతనికి ఇదివరకే ఒక సబ్ డీలర్ ఉండవచ్చు. తయారీ కంపెనీతో అతని ఒప్పందం ఆ ఏరియాలో అమ్మనివ్వకపోనూ వచ్చు. ముందుగా అడగాల్సింది ఈ రెండో సంగతే. అతనికే హక్కు లేకపోతే మిగతా చర్చంతా వృథా. హక్కు ఉంటే ఏరియా అడగడం మాని దుకాణాల జాబితా జత చేయడం మేలు. హోల్‌సేలర్ లైన్‌లో ఉన్న 40 దుకాణాల పేర్లు, ఏ వీధి, ఏ వారం సరుకు వెళ్తుంది అన్న వివరం ఒక కాగితంలో ఉంటే డిస్ట్రిబ్యూటర్ తనకు అభ్యంతరమున్న ఐదారు పేర్లు కొట్టేసి మిగతావి ఒప్పుకోగలడు. ఏరియా మొత్తం అడిగితే అతను ఇవ్వగలిగింది అవును, కాదు అనే రెండు జవాబులే. పైగా ఆ జాబితా రాయగలిగాడంటే ఈ మనిషికి తన దుకాణాలు తెలుసని అనుభవం గురించిన పేరా లేకుండానే అర్థమవుతుంది. చిరునామాలు, ఫోన్ నంబర్లు మాత్రం ఇప్పుడే ఇవ్వక్కర్లేదు. పూర్తి జాబితా చేతికొస్తే నేరుగా వెళ్లి అమ్ముకునే డిస్ట్రిబ్యూటర్లు ఉంటారన్నది కాదనలేం. ట్రయల్ నడిచినన్నాళ్లూ ఆ దుకాణాలకు నేరుగా గానీ మరొకరి ద్వారా గానీ వేయకూడదన్న షరతు అందుకే ఉండాలి.

డబ్బు విషయంలో హోల్‌సేలర్లు సాధారణంగా మార్జిన్ దగ్గరే ఆగిపోతారు. ఇబ్బంది పెట్టేది మాత్రం రొటేషన్, అంటే పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావడానికి పట్టే కాలం. ట్రయల్ బాగా నడిచి వారానికి 10 పెట్టెలు పోతున్నాయనుకుందాం. గోడౌన్‌లో మూడు వారాల స్టాకు ఉంచాలంటే 30 పెట్టెలు. దుకాణాలు మూడు వారాలు ఉద్దెర తీసుకుంటే ఇంకో 30 పెట్టెల డబ్బు బయట ఉంటుంది. మొత్తం 60. డిస్ట్రిబ్యూటర్ రెండు వారాల గడువిస్తే 20 పెట్టెల భారం అతనిది, మిగతా 40 హోల్‌సేలర్ సొంత డబ్బు. ఇప్పుడు అమ్మకం అదే ఉండి, దుకాణాల వసూళ్లు మాత్రం మూడు వారాల నుంచి ఐదు వారాలకు జారాయనుకోండి. బయట ఉన్నది 50 పెట్టెలవుతుంది, సొంత డబ్బు 40 నుంచి 60 పెట్టెలకు పెరుగుతుంది. వ్యాపారం ఒక్క పెట్టె కూడా పెరగలేదు, పెట్టుబడి ఒకటిన్నర రెట్లయింది. ఒక శాతం మార్జిన్ కోసం బేరమాడే ముందు ఈ లెక్క వేసుకుంటే, ఉత్తరంలో ధర తగ్గించమని అడగాలా, గడువు పెంచమని అడగాలా అన్నది తేలిపోతుంది.

గడువు అడిగే తీరు కూడా ముఖ్యం. పరిచయం లేనివాడికి మొదటి లోడే అప్పు మీద పంపమంటే ఎవరూ ఒప్పుకోరు. మొదటి లోడుకు ముందే డబ్బు కడతాం, రెండోదానికి సగం కట్టి మిగతాది 15 రోజుల్లో ఇస్తాం, గడువు తప్పకపోతే మూడోదానికి పూర్తిగా 15 రోజులు ఇవ్వండి అనే మెట్ల పద్ధతి ఇద్దరికీ నడుస్తుంది. హోల్‌సేలర్ మొదటి లోడు రిస్క్ తీసుకున్నాడు కాబట్టి మిగిలిన సరుకు వాపసు తీసుకోవాలన్న షరతు అడిగే అర్హత కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఇక ఏది గెలుపు అన్న ప్రశ్న. 40 దుకాణాలకు డజను చొప్పున 480 బాటిళ్లు వేస్తే, పెట్టెకు 24 లెక్కన మూడు వారాల్లో 20 పెట్టెలు ఖాళీ అవుతాయి. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేసి రెట్టింపు ఆర్డర్ పెట్టమంటాడు, పైన ఒక స్కీమ్ కూడా ఇస్తాడు. కానీ ఆ 480 బాటిళ్లు కొన్నది దుకాణదారులు. పరిచయం మీద, ఉద్దెర మీద, కొత్త సరుకని తీసుకున్నారు. అల్మారాలు నిండాయి, అంతే. సరుకు జనానికి నచ్చిందో లేదో చెప్పేది రెండో ఆర్డర్. అందుకని ఉత్తరంలో గెలుపును పెట్టెల్లో కొలవకుండా మళ్లీ అడిగిన దుకాణాల్లో కొలవాలి. 60 రోజుల్లో 40లో కనీసం 16 దుకాణాలు తమంతట తాము రెండోసారి తీసుకోవాలి అన్నట్టు. 16 అన్నది శాసనం కాదు, సరుకును బట్టి మారుతుంది. ఏ సంఖ్య పెట్టినా మొదటి లోడు పంపకముందే పెట్టాలి, తర్వాత పెడితే ఎవరికి అనుకూలమైన లెక్క వాళ్లు చెబుతారు.

మన ఉదాహరణలో 60వ రోజుకు 17 దుకాణాలు మళ్లీ తీసుకున్నాయనుకుందాం. హద్దు దాటింది, సంతోషం. కానీ రకాలవారీగా చూస్తే ఆ రెండో ఆర్డర్లలో ఎక్కువ భాగం రెండు మోడళ్లదే. మరో రెండు మోడళ్లు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. మూత దగ్గర కారుతోందని ఒక మోడల్ బాటిళ్లు వెనక్కి వస్తున్నాయి. ఈ మూడో సంగతి అమ్మకాల లెక్కలో కనబడదు, దుకాణదారుడు నసుగుతూ చెబితేనే తెలుస్తుంది. బాటిల్ లోపం చాలాసార్లు మూతలోని రబ్బరు వాషర్ దగ్గరే ఉంటుంది. విడి వాషర్లు, మూతలు కొన్ని లోడుతోపాటు పంపమని ముందే అడిగి ఉంటే పోయేదానికి, ఇప్పుడు బాటిలే వాపసు వస్తోంది. వారం వారం దుకాణాలవారీ లెక్క పంపుతామని ఉత్తరంలో మాటివ్వడం దీనికే. ఆ లెక్క డిస్ట్రిబ్యూటర్‌కూ అవసరమే, తన బిల్లు పుస్తకంలో అతనికి కనిపించేది హోల్‌సేలర్‌కు అమ్మింది మాత్రమే.

ఇప్పుడు ట్రయల్ ఎలా ముగుస్తుందో చెప్పే ఆ పేరా. సుమారు ఇలా రాయవచ్చు:

"90 రోజుల తర్వాత కొనసాగాలా వద్దా అన్నది ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం. వద్దనుకుంటే, మా దగ్గర తెరవకుండా ఉన్న పెట్టెలను బిల్లు ధరకే మీరు వెనక్కి తీసుకోవాలని కోరుతున్నాం. రవాణా ఖర్చు మేం భరిస్తాం. తెరిచిన పెట్టెలు, దుకాణాల్లో ఉన్న సరుకు మా బాధ్యత. వాపసు మొత్తం సరుకులో నాలుగో వంతు దాటకుండా చూసుకుంటాం. దారిలో దెబ్బతిన్న సరుకును లోడు దిగిన 48 గంటల్లో ఫొటోలతో తెలియజేస్తాం, దానికి ఈ పరిమితి వర్తించదు."

ఇందులో డిస్ట్రిబ్యూటర్‌ను ఇబ్బంది పెట్టేది పెద్దగా లేదు. తెరవని పెట్టెను అతను మరొకరికి అమ్ముకోగలడు. రవాణా ఖర్చు తనది కాదు. నాలుగో వంతు అనే హద్దు ఉంది కాబట్టి అమ్మే ప్రయత్నమే చేయకుండా సరుకు తిప్పి పంపుతాడన్న భయమూ ఉండదు. హోల్‌సేలర్ వైపు చూస్తే నష్టం ఎంతవరకో ముందే తెలుస్తుంది. దెబ్బతిన్న సరుకును విడిగా పెట్టడం తప్పనిసరి. లేకపోతే లారీలో నొక్కుకుపోయిన పెట్టెలు కూడా వాపసు కోటాలో కలిసిపోతాయి.

ఈ ఉత్తరం ఎగ్జిబిషన్ ముగిసిన వారంలోపే వెళ్లాలి. స్టాల్‌లో మాట్లాడింది అమ్మకాల ఉద్యోగి అయి ఉండే అవకాశం ఎక్కువ. నిర్ణయం తీసుకునేది యజమానో, సేల్స్ మేనేజరో. కాబట్టి వారి పేరు కనుక్కుని రాసి, స్టాల్‌లో ఎవరితో ఏ మోడళ్ల గురించి మాట్లాడారో మొదటి రెండు వాక్యాల్లో గుర్తుచేయాలి. మొత్తం ఒక పేజీ, దుకాణాల జాబితా ఇంకో పేజీ. వ్యాపార చరిత్రకు ఒక వాక్యం చాలు.

జవాబు వచ్చాక ముందు చూడాల్సింది వాపసు పేరాకు ఏమన్నాడన్నదే. నాలుగో వంతు కుదరదు, పదో వంతు అంటే అది బేరం, మాట్లాడుకోవచ్చు. వాపసు బదులు వేరే మోడల్‌తో మార్చి ఇస్తానన్నా ఆలోచించదగ్గదే, మార్చి ఇచ్చేది ఇద్దరూ ఒప్పుకున్న మోడలై ఉంటే. ఆ పేరా ఊసే ఎత్తకుండా 100 పెట్టెల మీద ఐదు పెట్టెలు ఉచితమని స్కీమ్ కాగితం పంపితే మాత్రం, అతనికి కావాల్సింది ఈ నెల టార్గెట్ అని అనుకోవాలి. అలాంటప్పుడు ఆరు రకాల్లో ఒక్కో పెట్టె సొంత డబ్బుతో కొని, తెలిసిన నాలుగు దుకాణాల్లో పెట్టి చూడటానికి ఎవరి ఒప్పందమూ అక్కర్లేదు.