తెల్లవారితే శనివారం

డ్యూటీ మార్చుకునే మెసేజ్ రాయడం ఎలాగో మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారని, దాన్ని మనం పెళ్లి కార్డుల్లో దాచిపెట్టి మరిచిపోయామని సవినయంగా మనవి చేస్తున్నాను. ఈ జ్ఞానోదయం నాకు తెనాలిలో, ఎదురుకోలు మధ్యలో, పానకం బిందె చేతిలో ఉండగా కలిగింది.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. పొద్దున 8 నుంచి 2 మార్నింగు, 2 నుంచి 8 ఈవినింగు, రాత్రి 8 నుంచి మర్నాడు పొద్దున 8 దాకా నైటు. మా మరదలి పెళ్లి కార్డులో ముహూర్తం 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకి. అంటే నాకు ఆ నైటు ఖాళీ కావాలి. గ్రూపులో నా సీనియర్‌కీ, మా సూపర్‌వైజర్ మేడమ్‌కీ కలిపి ఒకే మెసేజ్ పెట్టాను. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు.

"అన్నా, 15 నైట్ నాది, ఫంక్షన్ ఉంది, కాస్త చూసుకో. మేడమ్, మీ ఇన్ఫర్మేషన్ కోసం."

రెండు పిట్టలూ ఎగిరిపోయాయి. దెబ్బ మాత్రం నాకే తగిలింది.

శుక్రవారం రాత్రి 8 గంటల 20 నిమిషాలకి ఫోన్ మోగింది. అన్నతో పాటు ఈవినింగ్ డ్యూటీ చేసిన అమ్మాయి. "అన్నా, ఎవరూ రాలేదు. ఐసీయూ శాంపిల్సు వస్తూనే ఉన్నాయి. నేను ఇంటికెళ్లాలి." అన్నకి ఫోన్ చేస్తే, "రేపు కదా తమ్ముడూ, 15 అన్నావు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. 15 నైట్ అంటే శనివారం రాత్రి. శనివారం నాకు నైట్ ఆఫ్ అని ఆయనకి తెలిసే అవకాశమూ లేదు. డ్యూటీ చార్టులో ఎవడైనా తన పేరున్న గడి తప్ప పక్క గడి చూస్తాడా? నేను చూశానా?

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. పంచాంగం ప్రకారం సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయం దాకా ఒకే వారం. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికే మారిపోతుంది. డ్యూటీ చార్టు పంచాంగ సంప్రదాయానిది, శుక్రవారం గడిలో నైట్ అని రాస్తే తెల్లారి 8 దాకా అది శుక్రవారమే. వేలిముద్ర మిషను మాత్రం ఇంగ్లీషు సంప్రదాయానిది, 12 దాటగానే మనల్ని శనివారంలోకి తోసేస్తుంది. ఈ రెండింటి మధ్యా నలిగేవాడే నైట్ డ్యూటీ మనిషి. ఈ తగాదా తీర్చడానికే పాతకాలం శుభలేఖల్లో "శుక్రవారం రాత్రి 2-10 గంటలకు, తెల్లవారితే శనివారం" అని రాసేవారు. ఆ నాలుగు ముక్కల్లో అనుమానానికి చోటెక్కడుంది? మా మామగారు కార్డు కొత్త ఫ్యాషన్లో ఉండాలని ఆ ముక్క తీయించారు. నేనేమో కార్డు చూసి మెసేజ్ రాశాను.

తేదీ సంగతి అలా ఉంచితే, ఆ మెసేజ్‌లో ఇంకో ఘనకార్యం ఉంది. తెలుగులో క్రియని చూస్తే చాలు, ఎవరితో మాట్లాడుతున్నామో తెలిసిపోతుంది. అన్నతో "చూసుకో", మేడమ్‌తో "చూడండి". ఇద్దరికీ కలిపి ఒకే ఊపులో రాసినప్పుడు ఆ "చూసుకో" గాల్లో తేలుతూ ఎవరి మీద వాలుతుందో చెప్పలేం. మేడమ్ ఫోన్ తెరమీద నోటిఫికేషన్ సరిగ్గా "కాస్త చూసుకో. మేడమ్" దగ్గర తెగిపోయిందట. సోమవారం దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు.

పోనీ పూర్తిగా చదివినా గౌరవం ఏమన్నా దక్కిందా అంటే, అదీ లేదు. "మీ ఇన్ఫర్మేషన్ కోసం" అన్నమాట వినడానికి మర్యాదగానే ఉంటుంది. దాని అసలు అర్థం, మేమిద్దరం అనేసుకున్నాం, తమరు తెలుసుకుని ఊరుకోండి అని. డ్యూటీ చార్టు వేసేది ఆవిడ. అన్నకి బ్లడ్ బ్యాంకు పని వచ్చా, ఆ రాత్రి ఒక్కడే నెట్టుకు రాగలడా అని చూడాల్సిందీ ఆవిడే. చార్టు మారకపోతే అన్న రాత్రంతా పనిచేసినా లెక్కలో నేను ఆబ్సెంటు, ఆయన చార్టులో లేనివాడు. నెలాఖరున జీతం కోత నాకు, తిట్లు ఇద్దరికీ.

అన్న పరిస్థితి ఇంకా ఘోరం. మేడమ్ చూస్తుండగా అడిగితే కుదరదనలేడు, సరే అనడానికి మనసొప్పదు. అందుకే బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఆ బొటనవేలికి 'చూశాను' అని అర్థమా, 'చేస్తాను' అని అర్థమా అన్నది ఏకలవ్యుడి నాటి నుంచీ తేలని విషయం.

నిజానికి అన్నది శుక్రవారం ఈవినింగ్ డ్యూటీ. దాని మీద నైట్ కూడా వేస్తే 18 గంటలు. మర్నాడు 2 గంటలకి మళ్లీ ఈవినింగు. పద్దెనిమిదో గంటలో శాంపిల్ ట్యూబ్ మీద ఎవరి పేరు రాస్తాడో ఆయనకే తెలియదు. నేను ఆయన చార్టు చూసి ఉంటే లెక్క అక్కడే కుదిరేది. ఆయన నా నైట్ 12 గంటలు చేస్తే, నేను ఆయన ఈవినింగులు రెండూ, ఆరూ ఆరూ పన్నెండు గంటలు చేస్తాను. శుక్రవారం 8కి దిగి, ఏ బస్సో రైలో పట్టుకున్నా ముహూర్తానికి చాలా ముందే తెనాలిలో ఉంటాను. ఎదురుకోలు తప్పుతుంది, పానకం బిందె ఇంకో అల్లుడు మోస్తాడు. ఎవరికీ బాకీ ఉండదు.

ఆ రాత్రి మాత్రం పెళ్లికూతురి తరఫు పెద్దల్లుడు పానకం బిందె తోడల్లుడికి అప్పగించి, పట్టుపంచెతోనే విజయవాడ చేరి, తెల్లారేదాకా రక్తపరీక్షలు చేశాడు. తాళి కట్టడం వీడియో కాల్లో చూశాను. నెట్‌వర్కు సరిగ్గా మూడుముళ్ల దగ్గర ఆగింది, రెండు ముళ్లే చూశాను.

తర్వాత కూర్చుని ఆ మెసేజ్ ఎలా రాసి ఉండాల్సిందో రాశాను. అంతకంటే ముందు అన్నకి విడిగా ఫోన్ చేసి అడగాలి, కుదరదు అనడానికి ఆయనకి చోటివ్వాలి. ఆయన సరేనన్నాకే గ్రూపులో ఇది:

"మేడమ్, నమస్తే. 14వ తేదీ శుక్రవారం రాత్రి 8 నుంచి (తెల్లవారితే శనివారం) పొద్దున 8 దాకా నైట్ డ్యూటీ నాది. ఆ రాత్రి మా మరదలి పెళ్లి. అన్నని అడిగితే నా బదులు చేస్తానన్నారు. ఆయనవి శుక్రవారం, శనివారం ఈవినింగ్ డ్యూటీలు రెండూ నేను చేస్తాను. ఇద్దరికీ డబుల్ డ్యూటీ పడదు. మీకు ఇబ్బంది లేకపోతే చార్టులో మార్చగలరా? మీరు సరే అనేదాకా పాత చార్టు ప్రకారమే వస్తాం. అన్నా, తేదీలు, టైములు సరిపోయాయో లేదో చూసి ఇక్కడే ఒక మాట రాయండి."

గమనించారో లేదో, విడిగా ఉన్నప్పుడు "నువ్వు" అనే అన్నని మేడమ్ ముందు "రాయండి" అన్నాను. ఎవరి మీద వాలినా నష్టం లేని క్రియ అది.

క్యాంటీన్లో టీ తాగుతూ దీన్ని అన్నకి చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివాడు.

"శుభలేఖ లాగే ఉంది తమ్ముడూ," అన్నాడు. "మరి విందు ఎన్నింటికో రాయలేదేం?"