సవరణ: ‘చెప్పింది’ని దిద్దకుండా వదిలేయడం నా పొరపాటే

“సర్పంచ్ ‘చెప్పారు’ అట, అంగన్‌వాడీ కార్యకర్త ‘చెప్పింది’ అట. ఒకే వార్తలో ఇద్దరికీ రెండు మర్యాదలా? మీరేమో తప్పు లేదన్నారు!” — రాయగడ నుంచి ఒక పాఠకురాలు

ఆమె మాటే నిజం. స్త్రీ ఏకవచనానికి ‘-ది’ వ్యాకరణం ప్రకారం సరైనదే కదా అని దాన్ని దాటేశాను. మగవాళ్ల విషయంలో ‘అతను చెప్పారు’ అని పడితే వెంటనే చెవికి తగులుతుంది. ‘ఆమె’ మాత్రం ‘చెప్పింది’తోనూ, ‘చెప్పారు’తోనూ కుదురుతుంది. అందుకే ఈ తేడా ప్రూఫులో దాక్కుంటుంది. ‘ఆమె’ కనిపించిన చోటల్లా ఆగి క్రియ చూడాలి.

ఆ వార్త ఒడియా నోట్ నుంచి తెచ్చింది. మూలంలో ఇద్దరికీ ‘కహిలే’ అనే ఉంది, అంటే గౌరవం ఇద్దరికీ సమానమే. అనువాదంలో ఒకరికి జారిపోయింది. పైగా ఒడియా క్రియ ఆడా మగా చెప్పదు. గౌరవం లేని ‘కహిలా’ అని ఉంటే ‘చెప్పాడు’ రాసేముందు మనిషెవరో అడగాల్సిందే.

సవరించిన వాక్యం: “కేంద్రానికి బియ్యం ఆలస్యంగా వచ్చాయని కార్యకర్త చెప్పారు.” ‘బియ్యం వచ్చాయి’ని ‘వచ్చింది’ అని దిద్దకండి. బియ్యం మనకు బహువచనమే.