ఎలాస్టిక్ కొనేటప్పుడు వెడల్పు ఒక్కటే చూడకండి

"ప్యాంటు జారిపోతోంది, గట్టి ఎలాస్టిక్ వెయ్యి అక్కా" అంటూ పర్లాకిమిడిలో నా మిషన్ దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లదీ అదే మాట. చాలామంది ఎలాస్టిక్ కూడా కొనుక్కొచ్చేస్తారు. వెడల్పు సరిపోయిందా లేదా అన్నదే చూస్తారు, రకం ఏమిటని అడగరు. అక్కడే డబ్బులు వృథా అవుతున్నాయని నా గట్టి అభిప్రాయం.

మామూలు ఎలాస్టిక్‌లో సాగేది లోపలి సన్నని రబ్బరు దారాలు. పైనున్నది పాలిస్టర్ నూలు. ఎండ, వేడినీళ్లు, ఇస్త్రీ, బ్లీచింగ్, ఒంటికి రాసుకున్న నూనె, ఇవన్నీ ఆ రబ్బరును మెల్లగా తినేస్తాయి. పాత ఎలాస్టిక్‌ను చెవి దగ్గర పెట్టి లాగండి. చిటపటమని శబ్దం వచ్చినా, తెగిన రబ్బరు కొనలు వెంట్రుకల్లా బయటికి పొడుచుకొచ్చినా దాని పని అయిపోయినట్టే. మడిచి బిగించి కుట్టినా ఉపయోగం లేదు.

కొత్తది కొనేముందు షాపులోనే ఒక జానెడు ముక్క లాగి చూడండి. లాగినప్పుడు సన్నబడితే అది జడలా అల్లిన ఎలాస్టిక్. దాన్ని మడతలోకి దూర్చి వాడుకోవచ్చు కానీ, మీద నేరుగా కుట్టు వేయకూడదు. సూది రబ్బరు దారాలను పొడిచేస్తుంది, సాగిన చోట అలాగే వదులుగా ఉండిపోతుంది. లాగినా వెడల్పు తగ్గకుండా మెత్తగా ఉండేది నిట్టెడ్ రకం, నేరుగా కుట్టడానికి అదే మంచిది. మందంగా, గట్టిగా, వెడల్పు తగ్గకుండా ఉండేది నేసిన రకం. బరువైన ప్యాంటు నడుముకు నేను అదే వేస్తాను, మెలిపడదు.

ఆరో తరగతి పిల్లాడి ట్రాక్ ప్యాంటు సంగతే చూద్దాం. నడుము 24 అంగుళాలు. మొదట మడత లోపలి వెడల్పు, అంటే పై అంచు నుంచి కింది కుట్టు వరకు, టేపుతో కొలుస్తాను. అది 1 అంగుళం ఉంటే ముప్పావు అంగుళం ఎలాస్టిక్ తీసుకుంటాను. సరిగ్గా 1 అంగుళమైతే లోపల ఇరుక్కుంటుంది, అర అంగుళమైతే తిరగబడి తాడులా మెలిపడుతుంది. నడుము కంటే 2 అంగుళాలు తక్కువ, అతుకుకు 1 అంగుళం ఎక్కువ, మొత్తం 23 అంగుళాలు కత్తిరిస్తాను. కొనకు పిన్నీసు పెట్టి దూర్చి, ముందు పిన్నుతోనే అతికి, పిల్లాడిని కూర్చోబెట్టి వంగమంటాను. నొక్కుకుపోకుండా, జారకుండా ఉంటేనే అతుకు మీద జిగ్‌జాగ్ కుట్టు వేస్తాను.

ముంజేతి అంచులకు నడుము ఎలాస్టిక్ ముక్క పనికిరాదు. అక్కడ పావు అంగుళం సన్నది చాలు. చెయ్యి దూరేంత సాగాలి, మణికట్టు మీద గీత పడకూడదు.

చివరగా ఒక మాట, మడత మొత్తం మూసేయకండి. లోపలివైపు వెనక కుట్టు దగ్గర 2 అంగుళాలు చేత్తో కుడితే, మళ్లీ మార్చేటప్పుడు ఆ కొంచెం విప్పితే సరిపోతుంది.