నిమోసిస్టిస్ న్యుమోనియాకు రోజుకు రెండు గోళీలు చాలవు

"హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి నిమోసిస్టిస్ న్యుమోనియా అని చెప్పి రోజుకి ఆరు సెప్ట్రాన్ డీఎస్ గోళీలు మింగిస్తున్నారు. కిడ్నీలు పోతాయి, రెండు చాలు. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ఉండగా స్టెరాయిడ్ ఇవ్వడం పెద్ద తప్పు. ఆయాసం తగ్గాక కూడా రోజూ ఒక గోళీ వేసుకోమనడం మందులు అమ్ముకునే ఎత్తు. అందరికీ పంపండి."

ఈ వాట్సాప్ మెసేజ్ హైదరాబాద్‌లో మా రోగుల ఇళ్లకు కూడా చేరింది. బోరబండ నుంచి వచ్చిన ఒకాయన భార్య వార్డులో నాకు ఫోన్ చూపించి, "సారూ, ఇట్లైతే ఆరు గోళీలు ఎందుకు ఇస్తున్నరు?" అని అడిగింది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబు ఆమె భర్త కేసులోనే ఉంది.

ఆయన వచ్చేటప్పటికి నెల రోజులుగా పొడి దగ్గు, సాయంత్రం జ్వరం. మొదట మెట్లు ఎక్కితేనే వచ్చిన ఆయాసం తర్వాత బాత్‌రూమ్ దాకా నడిచినా వచ్చేది. బయట దగ్గు సిరప్‌లు, యాంటీబయాటిక్‌లు అన్నీ అయిపోయాయి. బరువు 48 కిలోలు, రోగనిరోధక శక్తిని చూపించే సీడీ4 కణాలు 60. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ మసక. పడుకున్నప్పుడు వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 88 చూపిస్తే, వరండాలో కాస్త నడిపించగానే 80కి పడిపోయింది. నడిస్తే ఆక్సిజన్ ఇలా జారిపోవడం ఈ జబ్బులో చాలా తరచుగా కనిపిస్తుంది. ఎక్స్‌రే దాదాపు మామూలుగా ఉన్న రోగిలో కూడా ఇది బయటపడుతుంది.

ముందు మోతాదు సంగతి. ఈ జబ్బుకు కారణం నిమోసిస్టిస్ జిరోవెసి అనే ఫంగస్. మామూలు ఫంగస్ మందుల్లో చాలావాటికి ఎర్గోస్టిరాల్ అనే కొవ్వు గురి. ఈ ఫంగస్ పొరలో అది లేదు కాబట్టి ఫ్లూకోనజోల్ లాంటివి పనికిరావు. సెప్ట్రాన్ గోళీలో ఉండే కోట్రైమోక్సజోల్ వేరే దారిలో కొడుతుంది. ఫంగస్ తనకు కావలసిన ఫోలేట్ అనే విటమిన్‌ను తనే తయారుచేసుకుంటుంది. ఆ తయారీని రెండు చోట్ల అడ్డుకోవడానికే ఇందులో రెండు మందులు, ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్. చిక్కేమిటంటే ఈ ఫంగస్ ఎంజైమ్‌ను ట్రైమెథోప్రిమ్ గట్టిగా పట్టుకోలేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు సరిపోయే మోతాదు ఇక్కడ చాలదు.

అందుకే లెక్క గోళీల్లో కాకుండా బరువును బట్టి వేస్తారు. కిలోకు రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల ట్రైమెథోప్రిమ్, 21 రోజులు. 48 కిలోల మనిషికి అది 720 నుంచి 960 మిల్లీగ్రాములు. ఒక డీఎస్ గోళీలో 160 ఉంటుంది కాబట్టి ఎనిమిది గంటలకొకసారి రెండేసి వేస్తే 960 అవుతుంది. మెసేజ్ చెప్పిన రెండు గోళీల్లో 320 మాత్రమే, అంటే కిలోకు ఏడు కూడా రాదు. కిలోకు 10 దగ్గరే సరిపోతుందేమోనని కొందరు వైద్యులు పరిశీలిస్తున్నారు, నిజమే. ఆ లెక్కన కూడా ఈయనకు మూడు గోళీలు కావాలి.

కిడ్నీల భయం పూర్తిగా గాలికబురు కాదు, కానీ మెసేజ్ భయపెట్టేది ఒకటి, జాగ్రత్త పడాల్సింది మరొకటి. కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే ఒక దారి ట్రైమెథోప్రిమ్ వల్ల మూసుకుపోతుంది. కిడ్నీకి ఏ దెబ్బా తగలకుండానే రిపోర్టులో ఆ అంకె కొంచెం పెరుగుతుంది. అది చూసి మందు ఆపేసిన ఇళ్లున్నాయి. అసలు కనిపెట్టాల్సింది పొటాషియంను. ఈ మందు పొటాషియం బయటకు పోకుండా ఆపుతుంది. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. అందుకే మొదటి వారంలో రెండు మూడు సార్లు రక్తపరీక్ష చేయిస్తాం. మన దగ్గర పేషెంట్ అనగానే చుట్టాలు కొబ్బరిబోండాలు మోసుకొస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి ఈ 21 రోజులు అవి వద్దని ఆమెకు చెప్పాను. కిడ్నీ ముందే దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గిస్తాం. అది కూడా కొలిచి తగ్గించాలి, ఫోన్ చూసి కాదు.

ఇక స్టెరాయిడ్. ఈ ఒక్క మాట నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. మందు మొదలుపెట్టాక ఫంగస్ పెద్ద సంఖ్యలో చస్తుంది. చచ్చిన ఫంగస్ ముక్కల మీద శరీరం విరుచుకుపడి, ఊపిరితిత్తుల్లో వాపు ఇంకా పెంచుతుంది. అందుకే స్టెరాయిడ్ లేకపోతే మూడో రోజు, నాలుగో రోజు ఆయాసం ముందుకంటే ముదురుతుంది. మందు సరిగ్గా పనిచేస్తున్నా మనిషి వెంటిలేటర్ మీదికి వెళ్లేది ఈ రోజుల్లోనే. ఆ వాపును ఆపడానికే స్టెరాయిడ్. మధ్యస్థం నుంచి తీవ్రమైన జబ్బున్న హెచ్‌ఐవీ రోగుల్లో దీనివల్ల మరణాలు తగ్గుతాయని తేలి, 1990 నుంచి ఇది చికిత్సలో భాగమైంది.

అందరికీ ఇవ్వరు. ఆక్సిజన్ పెట్టకుండా తీసిన ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 70 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఇస్తారు. ఈయనకు 56 వచ్చింది. మొదటి కోట్రైమోక్సజోల్ డోసుతోపాటే ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టాం. 40 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఐదు రోజులు, తర్వాత 40 ఒక్కసారి ఐదు రోజులు, ఆ పైన 20 చొప్పున పదకొండు రోజులు. మొత్తం 21. ఆలస్యమైతే ప్రయోజనం తగ్గుతుంది కాబట్టి 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. మన దేశంలో ఇదే రోగికి టీబీ కూడా ఉండొచ్చు. అందుకే కళ్లె పరీక్ష పంపాం, షుగర్ రోజూ చూశాం. మూడో రోజు ఆయన ఆయాసం పెరగలేదు. ఆరో రోజుకు ఆక్సిజన్ గొట్టం తీసి మాట్లాడగలిగాడు. ఒక పరిమితి చెప్పాలి: హెచ్‌ఐవీ లేకుండా, కిడ్నీ మార్పిడి లాంటి కారణాలతో ఈ జబ్బు వచ్చినవాళ్లలో స్టెరాయిడ్ మేలు ఇంత గట్టిగా రుజువు కాలేదు. అక్కడ నిర్ణయం ఒక్కో రోగిని బట్టి ఉంటుంది.

పదో రోజు ఆయన ఛాతీ మీద, చేతుల మీద ఎర్ర దద్దుర్లు వచ్చాయి. రెండో వారంలో ఇది మామూలే. దురద మందు ఇచ్చి కొనసాగించాం. నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ఊడటం ఉంటే మాత్రం వెంటనే ఆపి ఆసుపత్రికి రావాలి. అప్పుడు వేరే మందులు ఉన్నాయి.

చివరికి ఆ రోజూ ఒక్క గోళీ. ఇంటికి వెళ్లేముందు ఆయన భార్య, "మంచిగైండు కద సారూ, ఇంక గోళీలెందుకు?" అంది. మంచిగైంది ఊపిరితిత్తి. సీడీ4 ఇంకా 60 దగ్గరే ఉంది. హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులు ఈ చికిత్స మొదలైన రెండు వారాల్లోపే పెట్టాం, కానీ కణాలు పెరగడానికి నెలలు పడుతుంది. ఆ ఖాళీలో ఇదే జబ్బు మళ్లీ రాకుండా 22వ రోజు నుంచి రోజుకు ఒక్క డీఎస్. మెదడుకు వచ్చే టాక్సోప్లాస్మా అనే ఇన్‌ఫెక్షన్ నుంచి కూడా ఇదే కాపాడుతుంది. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో దీన్ని ఉచితంగానే ఇస్తారు. ఇందులో అమ్ముకునేది ఏముంది?

జీవితాంతం వేసుకోమని కూడా ఎవరూ చెప్పరు. ఏఆర్‌టీ మీద సీడీ4 200 దాటి మూడు నెలలకు పైగా నిలబడితే ఆపొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. మన దేశంలో గీత ఇంకా పైన, 350 దగ్గర. ఆరు నెలల తేడాతో రెండుసార్లు ఆ అంకె రావాలి. ఆ రిపోర్టు చూసి ఆపమని చెప్పాల్సింది ఏఆర్‌టీ కేంద్రంలోని డాక్టరు. ఈ గోళీ పడనివాళ్లకు, జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష చేయించాక డాప్సోన్ అనే వేరే మందు ఇస్తారు.